తాళంచెవి ఎవరి చేతికి? క్యాంపెయిన్ ముగింపులో ప్రతినాయకి చివరి మాటలు రాసే పద్ధతి

బల్ల చుట్టూ కూర్చొని తలా ఒక పాత్రను నడుపుతూ ఆడే డంజియన్స్ అండ్ డ్రాగన్స్ వంటి ఆటల్లో ఏడాదిపాటు నడిచిన కథ చివరికి వచ్చాక ప్రతినాయకుడు నోరు విప్పే ఘట్టం ఒకటి ఉంటుంది. కథను నడిపే గేమ్ మాస్టర్లు చాలామంది ఆ ఘట్టాన్ని అతని ఆత్మకథగా రాస్తారు. తనకు జరిగిన అన్యాయం, తన పథకం, లోకం మీద తన అభిప్రాయం అన్నీ అందులో ఉంటాయి. ఆటగాళ్ళు మర్యాదకు వింటారు, ఆ తరువాత పాచికలు తీస్తారు. నేను ఈ ప్రసంగాన్ని అప్పగింతగా రాస్తాను. అంతవరకు ప్రతినాయకుడు మోసిన బరువును, అతనితో పాటు నశించిపోనివ్వకుండా, ఆటగాళ్ళ చేతుల్లో పెట్టే పని ఇది. ప్రసంగంలో ఏ వాక్యం ఉండాలో, ఏది కొట్టివేయాలో తేల్చడానికి నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఈ వాక్యం ఏదైనా అప్పగిస్తున్నదా, లేక తన గురించి తాను చెప్పుకుంటున్నదా?

బెంగళూరు మారతహళ్ళిలోని మా ఫ్లాటులో ప్రతి శనివారం సాయంత్రం కలిసే ఐదుగురు ఆటగాళ్ళతో నడిపిన క్యాంపెయిన్‌ను, అంటే వారాల తరబడి సాగిన ఒకే కథను, ఉదాహరణగా తీసుకుంటాను. మాలో ఇద్దరిది అనంతపురం, ఒకరిది గుంటూరు, ఒకరిది కరీంనగర్, ఒకరు కోలారు వైపు తెలుగువారు. 2024 వేసవిలో నగరమంతా నీటి ట్యాంకర్ల కోసం ఎదురుచూసిన రోజుల్లో ఈ కథకు బీజం పడింది. అందుకే అందులో కోట, డ్రాగన్ లేవు. ఒక చెరువు, దాని కట్ట, తూము, ఆ తూమునూ దాని తాళంచెవినీ కాపాడే చౌడమ్మ అనే ముసలి నీరుగంటి ఉన్నారు. కట్ట కింద మూడు ఊళ్ళు, పన్నెండు వందల మంది జనం. ఏడాదికొకరు నిద్రలోనే కన్నుమూస్తున్నారు. అందుకు కారణం వెతుకుతూ ఆటగాళ్ళు పద్దెనిమిదవ సెషన్‌లో తూము గదిలోకి దిగారు.

మొదట ఎంపిక, తరువాతే మాటలు

ప్రసంగంలో ఒక్క మాటైనా రాయకముందు, ఆటగాళ్ళ ముందు నిలవబోయే ఎంపికను ఒకే వాక్యంలో కాగితం మీద పెట్టాలి. మా కథలో ఆ వాక్యం ఇది: “తూము మూసి ఉంచితే ఏటా ఒక ప్రాణం పోతుంది, ఆ పేరు మీరే రాయాలి, తూము తెరిస్తే ఎవరూ చావరు గాని ఆరు రోజుల్లో చెరువు ఎండి మూడు ఊళ్ళు వలస పోతాయి.” రెండు వైపులా నష్టం ఉండాలన్నది అందరికీ తెలిసినదే. అంతకన్నా ముఖ్యమైనది, ఆ రెండు నష్టాలను ఒకే తక్కెడలో తూచలేకపోవడం. ఒకవైపు ఐదుగురి ప్రాణాలు, మరోవైపు ఒకరి ప్రాణం అని పెడితే అది లెక్కగా మారిపోతుంది, ఆటగాళ్ళు రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ఒకవైపు పేరూ ముఖమూ ఉన్న ఒక్క మనిషి చావు, మరోవైపు ఎవరికి ఎంత జరుగుతుందో తెలియని వేల రోజుల కష్టం ఉన్నప్పుడు ఏ లెక్కా కుదరదు, వాదన మొదలవుతుంది.

ఈ ఎంపికను ప్రసంగంలోనే తొలిసారి పరిచయం చేస్తే పనిచేయదు. రెండు వైపులూ కనీసం మూడు, నాలుగు సెషన్ల ముందే ఆటగాళ్ళకు మనుషుల రూపంలో పరిచయమై ఉండాలి. మూడవ సెషన్‌లో పడవ నడిపే గౌరి అనే అమ్మాయి వాళ్ళను డబ్బు తీసుకోకుండా అవతలి ఒడ్డుకు దాటించింది. ఏడవ సెషన్‌లో వాళ్ళే ఒక రైతు నారుమడిని కాపాడి, అతని ఇంట్లో రాగిసంకటి తిన్నారు. తూము తెరిస్తే పోయేది ఆ మడి. మూసి ఉంచితే, చనిపోవలసినవాళ్ళ పేర్లు రాసే తాటాకు కవిలెలోకి ఎక్కే పేరు గౌరిది కావచ్చు. ఇవి ముందే కుదిరి ఉంటే ప్రసంగంలో వాళ్ళను ప్రస్తావించవలసిన అవసరమే ఉండదు, ఆటగాళ్ళే గుర్తుచేసుకుంటారు.

దొడ్డిదారులను వెతికి చూడడం

నేను ఎక్కువ సమయం పెట్టేది ఈ మెట్టు మీదే, ఎందుకంటే ఎంత మంచి ధర్మసంకటమైనా చెడేది ఇక్కడే. ఆటగాళ్ళ దగ్గరున్న మంత్రాల జాబితానూ వస్తువుల జాబితానూ ముందుపెట్టుకొని, ఈ సమస్యను మూడో దారిలో తప్పించుకునే వీలు ఉందేమో వాళ్ళ తరఫున నిజాయితీగా వెతకాలి.

మా గుంపులో నీటిని సృష్టించే మంత్రం తెలిసిన పూజారి పాత్ర ఉంది. ఐదవ ఎడిషన్ నియమాల ప్రకారం ఆ మొదటి స్థాయి మంత్రం ఒకసారికి పది గ్యాలన్ల నీటిని, అంటే సుమారు 38 లీటర్లను, ఇస్తుంది. మనిషికి రోజుకు 15 లీటర్లు వేసుకున్నా పన్నెండు వందల మందికి 18,000 లీటర్లు కావాలి. అంటే రోజుకు దాదాపు 475 సార్లు మంత్రం వేయాలి. కాబట్టి ఆ దారితో ప్రమాదం లేదు. అంతులేకుండా నీళ్ళు పోసే మాయకూజా సంగతి వేరు. దాని అతిపెద్ద ధార ఒక్కో ఆజ్ఞకు 30 గ్యాలన్లు, అంటే ఆరు సెకన్ల రౌండుకు సుమారు 113 లీటర్లు ఇస్తుంది. మనుషులు వంతులవారీగా కూర్చొని రోజంతా ఆజ్ఞ పలుకుతూ ఉంటే పదహారు లక్షల లీటర్లు దాటుతుంది. తాగునీటి కష్టం అక్కడికక్కడే తీరిపోతుంది. ఎకరం వరికి పంటకాలం మొత్తానికి 50 లక్షల లీటర్ల వరకు కావాలి గనుక పొలాలు మాత్రం దానితో బతకవు. అయినా “ఊళ్ళు పోతాయి” అన్న మాటలోని పదును సగం తగ్గిపోతుంది. అందువల్ల ఐదవ సెషన్‌లో ఆ కూజాను నిధిలో పెట్టాలనుకున్న ఆలోచనను విరమించుకొని దాని స్థానంలో మరో వస్తువును ఉంచాను. చివరి రోజున “ఆ కూజా ఇక్కడ పనిచేయదు” అని చెప్పడం కన్నా ముందే ఇవ్వకపోవడం న్యాయం. ఆటగాళ్ళు సంపాదించుకున్న శక్తిని ముగింపు కోసం లాక్కుంటే వాళ్ళు కథను నమ్మడం మానేస్తారు.

రెండో దొడ్డిదారిని నేనే తెరిచిపెట్టాను. తొలి చిత్తులో చౌడమ్మ, ఈ ఏటికి తన ప్రాణమే ఇచ్చేస్తానని అంటుంది. రాసేటప్పుడు అది గొప్పగా అనిపించింది. ఆటలో లేని ఒక స్నేహితుడికి చదివి వినిపిస్తే, అతడు వెంటనే, “అయితే ముసలమ్మను పోనిచ్చి, ఏడాదిలోగా వేరే మార్గం చూసుకుంటాం” అన్నాడు. అతడు అన్నదే సరైన జవాబు. గడువు దొరికితే సంకటం కరిగిపోతుంది. కాబట్టి ముప్పై ఏడేళ్ళుగా ఆమె ఆయువును చెరువు కొంచెం కొంచెంగా తాగుతూనే ఉన్నదనీ, ఆమె ప్రాణం ఇక లెక్కకు రాదనీ మార్చాను. ఆ సంగతిని పదో సెషన్‌లోనే, ఆమె చేతిమీది గాయం నుంచి నెత్తురుకు బదులు బురదనీరు కారడం ద్వారా చూపించాను.

మూడో దారి మన వాళ్ళకు తప్పకుండా తోస్తుంది. బుక్కరాయసముద్రం చెరువు కట్టకు గండి పడితే ఊరికోసం తన ప్రాణమిచ్చిన ముసలమ్మ అనే ఇల్లాలి కథ వింటూ పెరిగిన అనంతపురం వాళ్ళు బల్ల దగ్గర కూర్చొని ఉంటే, ఎవరో ఒకరు “నా పేరు రాయండి” అని లేస్తారు. ఆ త్యాగాన్ని అడ్డుకోకూడదు. అది ఉచితంగానూ దొరకకూడదు. ఆ పాత్ర నిజంగా చనిపోతుంది, కట్ట ఈ ఏటికి నిలుస్తుంది, తాళంచెవి మాత్రం మిగిలిన నలుగురిలో ఒకరి దగ్గర ఉంటుంది. మూడో దారి ఉండడంలో తప్పు లేదు, దానికి కూడా వెల ఉంటే చాలు.

ఆమె దేనిలో నిజం, దేనిలో తప్పు

ప్రతినాయకుడు సమస్య విషయంలో నిజం చెప్పాలి. ఆ భారం ఎవరి మీద వేయాలన్న విషయంలో తప్పు చేసి ఉండాలి. అన్నిటిలోనూ అతనిదే ఒప్పయితే ఆటగాళ్ళు తలవంచి వెళ్ళిపోతారు. అన్నిటిలోనూ తప్పయితే కత్తి దూస్తారు, తరువాత ఆలోచించడానికి ఏమీ మిగలదు. ఏటికొక ప్రాణం పోతేనే కట్ట నిలుస్తుందని చౌడమ్మ చెప్పేది నిజం. ఆమె పాపం ఏమిటంటే, ఊరికి తెలియనివ్వకుండా, అడిగే దిక్కులేని బాటసారులనూ అనాథలనూ అప్పులపాలై వచ్చినవాళ్ళనూ ఎంచుకొని వాళ్ళ పేర్లు రాయడం.

ఆమె మాటలను ఆటగాళ్ళు పరీక్షిస్తారు. అబద్ధం చెప్పనివ్వని సత్యవలయ మంత్రం పదిహేను అడుగుల వ్యాసార్ధంలో పది నిమిషాలు ఉంటుంది, ఎదుటివారు దాన్ని తట్టుకున్నారో లేదో వేసినవారికి తెలుస్తుంది. ఆమె దాన్ని ప్రతిఘటించడం లేదని నేనే ప్రకటించాను. “ఏదో మోసం ఉంది” అన్న అనుమానం బతికి ఉన్నంతసేపు ఆటగాళ్ళు ఎంపిక గురించి కాక మోసం గురించే ఆలోచిస్తారు. ఆ అనుమానాన్ని ఎంత త్వరగా చంపితే అంత మంచిది.

ప్రసంగం

నేను గడియారం పెట్టుకొని చదివితే నిమిషానికి తొంభై తెలుగు మాటల దాకా వస్తాయి. నిమిషంన్నర దాటిన ప్రసంగంలో ఎవరో ఒకరు విల్లు ఎక్కుపెడతారని అనుభవం మీద తెలుసుకున్నాను. అంతకుముందు నడిపిన క్యాంపెయిన్‌లో ఏడు నిమిషాల ప్రసంగం రాసుకొని వెళ్ళాను. రెండో నిమిషంలో ఒకరు ఫోను చూసుకోసాగారు, మూడో నిమిషంలో బాణం వదిలారు. అందులోని అసలు సంగతి ఆరో నిమిషంలో ఉంది, అది ఎవరికీ చేరలేదు. ఈసారి రాసినది ఇది:

“మెట్లు జారుతాయి, చెప్పులు అక్కడే వదలండి.

మీరు వెతికే ముప్పై ఏడు మందినీ పంపింది నేనే. ఈ కవిలెలో అందరి పేర్లూ ఉండాయి. ఒక్కటి కూడా దాచలేదు.

ఏటికొక ప్రాణం పోతే కట్ట నిలుస్తుంది. పోకుంటే గండి పడుతుంది. నన్ను నమ్మొద్దు. ఆ రాతి మీద చెయ్యి పెట్టి చూడండి.

ఊరికి చెప్పలేదు. చెప్తే చీట్లు వేస్తారు. చీట్లలో నా మనవడి పేరూ ఉంటుంది. అందుకే అడిగేవాళ్ళు లేనోళ్ళను చూసి రాసినా. ఆ పాపం నాది, దాన్ని మీరు మోయొద్దు.

మీరు మోయాల్సింది ఇది. కుడికి తిప్పితే తూము బిగుస్తుంది, కింద గీత మీద ఒక పేరు రాయాల. ఎడమకు తిప్పితే ఆరు దినాల్లో చెరువు ఖాళీ. ప్రాణాలు పోవు, ఊళ్ళు పోతాయి. చంద్రుడు దిగేలోగా ఏదో ఒకటి చెయ్యకుంటే రెండూ పోతాయి.

నా చెయ్యి వణుకుతుంది. తీసుకోండి.”

ఇందులోని క్రమం కావాలని పెట్టినది. ఆటగాళ్ళు ఒప్పుకోలు కోసం వచ్చారు గనుక అది రెండో వాక్యంలోనే దొరికిపోవాలి, లేకపోతే దాన్ని రాబట్టే ప్రయత్నంలో మిగతాది వినరు. కట్ట సంగతి చెప్పిన వెంటనే, నమ్మకాన్ని ఆమె మాట మీద కాక రాయి మీద పెట్టాను. ఎవరైనా లేచి వెళ్ళి చెయ్యి పెట్టగలిగిన వస్తువు అక్కడ ఉంటే విన్న మాట అనుభవంగా మారుతుంది. మనవడి ప్రస్తావన లేకపోతే ఆమె మహాత్మురాలైపోయేది. ఆ ఒక్క వాక్యం కోసం నాలుగు చిత్తులు రాశాను, ఎందుకంటే తొలి మూడింటిలోనూ ఆమె తనను తాను సమర్థించుకుంటూనే ఉంది. “నేను చేసింది తప్పే గాని నా స్థానంలో ఉంటే మీరేం చేసేవారు?” అన్న వాక్యాన్ని కొట్టివేశాను. ఆ ప్రశ్న అడగవలసింది పరిస్థితి, మనిషి కాదు. ఆమె అడిగితే ఆటగాళ్ళు ఆమెకు జవాబు చెప్పి ఊరుకుంటారు.

భాష గురించి ఒక మాట. చిత్తులో ఆమె చేత గ్రాంథికం పలికించాను. చదివి చూసుకుంటే పౌరాణిక నాటకం పద్యం తరువాత వచ్చే వచనంలా ఉంది, వినేవాళ్ళకు నవ్వు రావచ్చు. రాయలసీమ పల్లెమాటలోకి దించాక ఆ ప్రమాదం పోయింది. ప్రతినాయకుడి భాష మీ బల్ల దగ్గర కనీసం ఒకరి ఇంటి భాష అయితే మిగతావాళ్ళు కూడా ఒళ్ళు దగ్గర పెట్టుకొని వింటారు.

మధ్యలో అడ్డుకుంటే

పేరాకూ పేరాకూ మధ్య నేను ఆగి, ఎవరి వైపూ చూడకుండా మనసులో మూడు అంకెలు లెక్కపెట్టుకుంటాను. మాట్లాడాలనుకున్నవాళ్ళకు అది చోటు. ఎవరైనా దాడి చేస్తామంటే ఆపకూడదు, పోరులో ఎవరి వంతు ముందో తేల్చే ఇనిషియేటివ్ పాచిక వేయించాలి. మిగిలిన పేరాలను రౌండుకొకటి చొప్పున ఆమె వంతులో పలికిస్తే సరిపోతుంది. ఒక్క దెబ్బకే ఆమె చనిపోయే అవకాశం కూడా ఉంది గనుక, ఎంపికకు అవసరమైన సమాచారం ఆమె నోట్లో మాత్రమే ఉండకూడదు. శవంతో మాట్లాడే మంత్రం ఐదు ప్రశ్నలకు జవాబిస్తుంది గాని, శత్రువుగా చనిపోయినవాళ్ళు నిజం చెప్పి తీరాలన్న నియమం లేదు. అందుకే కవిలెను తయారుచేశాను. చార్టు కాగితాన్ని తాటాకు కొలతకు పట్టీలుగా కోసి, టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టి, పట్టీకి మూడు పేర్ల చొప్పున ముప్పై ఏడు పేర్లు రాశాను. పదమూడో పట్టీ మీద ఒకే పేరు, దాని కింద ఖాళీ గీత ఉంటాయి. చివరి పట్టీ వెనుక తాళం తిప్పే వివరాలు ఉన్నాయి. ఏడో పట్టీ మీది తొలి పేరు ఆ గుంపులోని ఒక పాత్ర తండ్రిది. ఆ ఆటగాడు తన పాత్ర నేపథ్యంలో తండ్రి ఊరు వదిలి వెళ్ళి తిరిగి రాలేదని రాసి ఇచ్చాడు. ఇటువంటిదాన్ని వాడుకునే ముందు ఆ ఆటగాడి అనుమతి తీసుకోవాలి. నేను “మీ నాన్న పాత్రను విషాదంగా ముగించవచ్చా?” అని నెల ముందు అడిగాను, ఎలా అన్నది చెప్పలేదు.

మాట ఆగిన తరువాత

“తీసుకోండి” అన్నాక గేమ్ మాస్టర్ నోరు మూసుకోవడం ఈ మొత్తం పనిలో అన్నిటికన్నా కష్టమైనది. వాదన నెమ్మదిస్తే చౌడమ్మ చేత ఇంకో మాట అనిపించాలన్న కోరిక పుడుతుంది. అనిపించకూడదు. ఒప్పించడానికి పాచికలు వేస్తామని ఎవరైనా అంటే, పాత్రల మధ్య ఒప్పందాలు పాచికలతో తేలవని మెల్లగా చెప్పాలి. సమయం గుర్తుచేయడానికి నేను బల్ల మీద కొవ్వొత్తి వెలిగించి, అది ఆరితే చంద్రుడు దిగినట్టు అన్నాను. అది గంటన్నర వెలుగుతుందని ముందే చూసుకున్నాను. సంకటం నిలబడిందో లేదో ఈ దశలో తెలిసిపోతుంది. ఆటగాళ్ళు మిమ్మల్ని ప్రశ్నలు అడుగుతూ ఉంటే వాళ్ళు ఇంకా దొడ్డిదారి వెతుకుతున్నారని అర్థం. ఒకరినొకరు అడగడం మొదలుపెడితే ఎంపిక వాళ్ళ చేతికి వచ్చినట్టు.

మా బల్ల దగ్గర మొదటి పది నిమిషాలు ప్రశ్నలన్నీ నాకే వచ్చాయి. కరీంనగర్ ఆటగాడు లేచి వెళ్ళి గోడ మీద చెయ్యి పెట్టి, “వణుకుతోందా?” అని అడిగాడు, అవునన్నాను. ఆ తరువాత ఏడో పట్టీ దొరికింది. దాన్ని చదివిన ఆటగాడు కాసేపు ఏమీ అనలేదు. తరువాత తాళంచెవిని ముట్టుకోకుండా, ముప్పై ఏడు పేర్లూ పైకి చదవాలని అడిగాడు. వంతులవారీగా చదివారు. అప్పుడు కోలారు ఆటగాడు, ఆమె చేసిన తప్పు ఊరికి చెప్పకపోవడమే అయితే మనం చెయ్యాల్సింది చెప్పడమే కదా అన్నాడు.

ఈ దారిని నేను ముందు ఊహించలేదు, ఊహించి ఉండాల్సింది. ప్రతినాయకుడి పాపాన్ని తలకిందులు చేస్తే వచ్చే పని ఏదో, ఆటగాళ్ళు దాన్నే ఎంచుకునే అవకాశం అన్నిటికన్నా ఎక్కువ. కాబట్టి ఫలితాల కాగితంలో మూడు పుటలు ఉండాలి: కుడికి తిప్పితే ఒకటి, ఎడమకు తిప్పితే ఒకటి, ఆ పాపానికి విరుగుడు చేస్తే ఒకటి. ఒక్కో పుటలో మరుసటి ఉదయం ఎవరు వాళ్ళ దగ్గరకు వస్తారో, ఏమి అడుగుతారో రాసుకుంటే చాలు. నా దగ్గర రెండు పుటలే ఉన్నాయి. కొవ్వొత్తి ఇంకా నాలుగు వేళ్ళ ఎత్తు ఉండగా, రాత్రి పదకొండు గంటలకు, కట్ట మీదికి వచ్చిన ఊరివాళ్ళందరినీ నేను అప్పటికప్పుడు పలికించవలసి వచ్చింది. ఒకతను చీట్లు వేద్దామన్నాడు. రాగిసంకటి పెట్టిన రైతు తన మడి వైపు తిరిగి నిలబడ్డాడు. పడవ గౌరి మాత్రం ఆటగాళ్ళనే అడిగింది, ఆరు రోజుల్లో పన్నెండు వందల మందిని తరలించాలంటే ఎన్ని బండ్లు కావాలని. వాళ్ళు నా నుంచి ఒక కాగితం అడిగి తీసుకొని లెక్క వేయడం మొదలుపెట్టారు.